అంటించే ముందే ఊడదీయడం గురించి ఆలోచించాలి: ఇంటి పనులకు నాలుగు రకాల టేపులు

టేపు కొనడానికి దుకాణానికి వెళ్ళినప్పుడు మనలో చాలామంది అడిగేది ఒక్కటే: "గట్టిగా అంటుకునేది ఇవ్వండి." ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో నేనూ చాలా ఏళ్ళు అలాగే అడిగాను. దుకాణదారు గోధుమ రంగు ప్యాకింగ్ టేపు చేతిలో పెట్టేవాడు, నేను దానితోనే పెట్టెలూ కట్టేవాణ్ణి, గోడకు క్యాలెండరూ అంటించేవాణ్ణి, రంగులు వేసేటప్పుడు తలుపు చట్రానికీ చుట్టేవాణ్ణి. పెట్టెలు బాగానే ఉండేవి. గోడ మాత్రం టేపుతో పాటు పెచ్చులుగా ఊడి వచ్చేది. అద్దె ఇల్లు కావడంతో ఆ పెచ్చులకు సమాధానం చెప్పుకోవలసింది నేనే.

టేపును ఎంచుకోవడానికి పనికివచ్చే ప్రశ్న వేరే ఉంది: ఈ టేపును ఎప్పుడు తీస్తాం, తీసినప్పుడు దాని కింద ఉన్న వస్తువు ఎలా ఉండాలి? గంటల్లో తీసేయాలి, కిందిది చెక్కుచెదరకూడదు అంటే మాస్కింగ్ టేపు. పెట్టె విప్పే రోజున కోసిపారేస్తాం, అట్ట చిరిగినా బాధ లేదు అంటే ప్యాకింగ్ టేపు. అసలు తీయం, వంగుతూ ఒరుసుకుంటూ ఉన్నా నిలవాలి అంటే క్లాత్ టేపు. తీయం, పైగా టేపు కంటికి కనబడకూడదు అంటే డబుల్ సైడ్ టేపు. ఈ నాలుగింటినీ ఒకే సందర్భంలో వాడవలసి వచ్చిన పని ఒకటి మా ఇంట్లో జరిగింది. పర్లాకిమిడిలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, శ్రావణమాసం వానల్లో, రాయగడకు సామాను తరలించాం. ఖాళీ చేసే ముందు ఒక గదికి రంగు వేయించి ఇవ్వాలన్నది ఇంటివారితో ఒప్పందం. ఆ పనిని వరుసగా చెబుతూ పోతే ఏ టేపు ఎక్కడ అన్నది దానంతట అదే తెలుస్తుంది.

ముందుగా, టేపు లోపల ఏముంది

ప్రతి టేపులోనూ రెండు భాగాలుంటాయి. ఒకటి పట్టీ, రెండోది దానికి పూసిన జిగురు. మాస్కింగ్ టేపు పట్టీ ముడతలు పెట్టిన కాగితం. ఆ ముడతల వల్లే అది కొద్దిగా సాగుతుంది, వంపుల దగ్గర తిరుగుతుంది, చేత్తో చిరుగుతుంది. జిగురు కూడా సులువుగా వదిలేలా తక్కువ పట్టుతో ఉంటుంది. 1925లో అమెరికాలో రిచర్డ్ డ్రూ అనే యువకుడు దీన్ని తయారుచేసింది కార్లకు రెండు రంగులు వేసేవారి కోసం. అప్పటివరకు వారు వాడిన పట్టీలు తీసేటప్పుడు కొత్త రంగును పీక్కొచ్చేవి. అంటే ఈ టేపు పుట్టుకే ఊడి రావడం కోసం.

ప్యాకింగ్ టేపు పట్టీ పలచని ప్లాస్టిక్ పొర. పొడవు దిశలో లాగితే తెగదు, కాని అంచున చిన్న గాటు పడితే సర్రున చీలిపోతుంది. క్లాత్ టేపులో పట్టీ నేసిన గుడ్డ కనుక వంగినా ఒరుసుకున్నా తట్టుకుంటుంది, జిగురు మందంగా ఉంటుంది. డబుల్ సైడ్ టేపులో మన దుకాణాల్లో దొరికేవి ముఖ్యంగా రెండు: కాగితాలకు వాడే పలచని టిష్యూ రకం, గోడకూ టైలుకూ వాడే మందమైన ఫోమ్ రకం. రెండింటినీ "డబుల్ సైడ్" అనే పిలుస్తారు కాబట్టి ఏది కావాలో విడమరచి అడగకపోతే చేతికి ఏది దగ్గరగా ఉంటే అది ఇస్తారు.

మొదటి మెట్టు: గోడను అడగాలి

టేపు బలం కంటే ముందు తెలుసుకోవలసింది గోడ మీది పూత బలం. మా ప్రాంతంలో ఒకే ఇంట్లో మూడు రకాల గోడలు కనబడటం మామూలే. వీధి గదికి సున్నం, లోపలి గదికి డిస్టెంపర్, ఈమధ్య బాగుచేయించిన గది ఉంటే దానికి పుట్టీ పెట్టి ఎమల్షన్. దూరం నుంచి మూడూ ఒకేలా కనబడతాయి.

ముందు నల్లని గుడ్డతో, అది లేకపోతే పొడి అరచేతితో, గోడను గట్టిగా ఒకసారి తుడవాలి. తెల్లని పొడి ధారాళంగా అంటితే అది సున్నమో పాత డిస్టెంపరో అయివుంటుంది. అటువంటి గోడకు ఏ టేపు అంటించినా అది గోడకు కాక ఆ పొడికి అంటుకుంటుంది. పొడి అంటకపోతే రెండో పరీక్ష చేయాలి. బెత్తెడు మాస్కింగ్ టేపు ముక్కను కంటికి కనబడని మూలలో అంటించి, బొటనవేలితో రుద్ది, పది నిమిషాలు ఆగి, కాస్త వేగంగా లాగాలి. తరువాత గోడను కాదు, టేపు వెనుక భాగాన్ని చూడాలి. జిగురు శుభ్రంగా ఉంటే గోడ మీద మాస్కింగ్ టేపు నిర్భయంగా వాడవచ్చు. సన్నని పొడి అంటి ఉంటే గోడను తుడిచి మళ్ళీ పరీక్షించాలి. రంగు పెచ్చు వచ్చిందంటే లోపలి పొర గోడను వదిలేసిందని అర్థం. వానాకాలంలో నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు చెమ్మ ఎక్కే గోడల్లో ఇలా జరుగుతుంది. ఒకే గోడకు పైభాగం మంచిదై, కిందిభాగం పనికిరాకపోవచ్చు కాబట్టి పరీక్షను రెండు ఎత్తుల్లో చేయడం మేలు.

మా ఇంట్లో వీధి గది సున్నపు గోడ ఈ పరీక్షలో పూర్తిగా ఓడిపోయింది. అక్కడ టేపు ఆలోచనే మానుకున్నాం. అటువంటి చోట రంగు గీత తిన్నగా రావాలంటే అట్టముక్కనో సన్నని రేకునో గీత వెంబడి అడ్డుపెట్టి, కుంచె నడిచినంత మేరా దాన్ని జరుపుకుంటూ పోవడమే దారి. లోపలి ఎమల్షన్ గది గెలిచింది, రంగు వేయవలసిందీ ఆ గదికే.

రెండో మెట్టు: రంగు గీతకు మాస్కింగ్ టేపు

గది కొలత పది అడుగులు, పన్నెండు అడుగులు. గోడల కింద అడుగుభాగాన అరడుగు ఎత్తున ముదురు రంగు పట్టీ ఉంది, దాన్ని అలాగే ఉంచి పైగోడకు మాత్రమే కొత్త రంగు వేయాలి. గది చుట్టుకొలత నలభై నాలుగు అడుగులు, తలుపు మూడు అడుగులు తీసేస్తే నలభై ఒకటి, అంటే సుమారు 12.5 మీటర్లు. తలుపు చట్రానికి రెండు నిలువులూ ఒక అడ్డమూ కలిపి పదిహేడు అడుగులు, సుమారు 5 మీటర్లు. నాలుగడుగుల చదరపు కిటికీకి మరో 5 మీటర్లు. మొత్తం 22 లేదా 23 మీటర్లు. సాధారణంగా దొరికే మాస్కింగ్ టేపు చుట్ట 20 మీటర్లది కాబట్టి రెండు చుట్టలు కావాలి. ఒకటి తెచ్చుకుని, చివరి కిటికీకి ఇంట్లో ఉన్న ప్యాకింగ్ టేపు వాడదామనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. వెడల్పు విషయంలో గీతకు 24 మిల్లీమీటర్లది, అంటే దుకాణంలో "ఒక ఇంచి" అనేది, సరిపోతుంది. కుంచె చేయి తిరగని కొత్తవారికి 48 మిల్లీమీటర్లది తీసుకుంటే చేయి జారినా రక్షణ ఉంటుంది.

అంటించవలసిన చోటును పొడిగుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరిన తరువాత, టేపును ఒక్కసారి మూరెడు కంటే ఎక్కువ విప్పకుండా అంటించుకుంటూ పోవాలి. ఇక్కడ చేయకూడని పని ఒకటుంది. గీత తిన్నగా వస్తుందని టేపును బిగించి లాగుతాం. ముడతల కాగితం సాగి అంటుకుంటుంది, ఆ తరువాత నిదానంగా తన పాత పొడవుకు ముడుచుకోవాలని చూస్తుంది, అలా ముడుచుకుంటూ చివర్ల దగ్గరా వంపుల దగ్గరా లేస్తుంది. ఆ లేచిన చోటుల నుంచే రంగు లోపలికి దూరుతుంది. కాబట్టి టేపును లాగకుండా పరచాలి, తరువాత పనికిరాని ప్లాస్టిక్ కార్డు అంచుతో గీత వైపు అంచును మాత్రం గట్టిగా రుద్దాలి. రెండో అంచు కొంచెం వదులుగా ఉన్నా నష్టం లేదు, తీసేటప్పుడు అదే పట్టుకోవడానికి పనికివస్తుంది.

ఎంత రుద్దినా గోడ నున్నగా లేకపోతే సన్నని సందులు మిగులుతాయి. మా పెయింటింగ్ మేస్త్రి చేసిన పని నాకు అప్పుడే మొదటిసారి తెలిసింది. కొత్త రంగు వేయడానికి ముందు, టేపు కింద దాగిన పాత పట్టీ రంగునే కొద్దిగా తీసుకుని గీత అంచు మీద పలచగా పూశాడు. "కొత్త రంగు డబ్బా ఇక్కడుంది కదండీ, పాతదెందుకు పూస్తున్నారు?" అని అడిగాను. "దూరితే పాతదే దూరాలి బాబూ, అది దూరినా ఎవరికీ కనబడదు. సందు మూసుకున్నాక కొత్తదానికి దారేదీ?" అన్నాడు. ఆ పూత ఆరిన తరువాతే కొత్త రంగు వేశాడు. గీత కత్తితో కోసినట్టు వచ్చింది. పాత రంగు దొరకకపోతే ఈ ఉపాయం సాగదు. అప్పుడు మొదటి పూత కుంచెతో చాలా పలచగా, టేపు మీద నుంచి గోడ వైపుకు లాగుతూ వేయాలి. గోడ నుంచి టేపు వైపుకు తోస్తే రంగు అంచు కిందికి వెళుతుంది.

తీసే వేళ కూడా లెక్క ప్రకారమే ఉండాలి. చివరి పూత వేసిన తరువాత, రంగు వేలికి అంటడం తగ్గి ఇంకా పూర్తిగా గట్టిపడని దశలో టేపు తీయాలి. పొడి రోజుల్లో ఎమల్షన్‌కు ఇది అరగంట నుంచి గంట. మేము పని పెట్టుకున్న వానల్లో రెండు గంటలు పట్టింది. గడియారం కంటే ఒక మూల వేలితో తాకి చూడటమే నమ్మదగినది. టేపును దాని మీదికే మడిచి, నిదానంగా, గోడకు ఏటవాలుగా లాగాలి. గోడకు ఎదురుగా నిలువునా లాగితే పొర లేచే అవకాశం ఎక్కువ. రంగు పూర్తిగా ఎండిపోయిందంటే టేపు మీది పొర, గోడ మీది పొర ఒకటే ముక్కగా ఉంటాయి, లాగితే గోడ వైపుది చిరుగుతుంది. అలా ఆలస్యమైతే గీత వెంబడి పదునైన బ్లేడుతో సున్నితంగా గాటు పెట్టి ఆ తరువాతే లాగాలి. మామూలు మాస్కింగ్ టేపును రాత్రంతా వదిలేయడం మంచిది కాదు. ఎండ పడే కిటికీ చట్రం మీదైతే ఒక్క మధ్యాహ్నానికే జిగురు బిగిసి, కాగితం ముక్కలు ముక్కలుగా ఊడి, జిగురు చట్రం మీదే ఉండిపోతుంది.

మరొక హద్దు. కొత్తగా వేసిన రంగు మీద టేపు అంటించి రెండో రంగు వేయాలంటే ఎమల్షన్‌కు కనీసం ఒక రోజు, తలుపులకు వేసే నూనె రంగుకు అంతకంటే ఎక్కువ రోజులు ఆగాలి. తాకితే ఆరినట్టు అనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది.

మూడో మెట్టు: పెట్టెలకు ప్యాకింగ్ టేపు

ఇక్కడ మనం కోరేది తలక్రిందులవుతుంది. మాస్కింగ్ టేపు వెనుక గోడ పొర అంటితే పని చెడినట్టు. ప్యాకింగ్ టేపు వెనుక అట్ట పీచు అంటితేనే పని కుదిరినట్టు. అందుకే సామాను సర్దే ముందు ప్రతి రకం అట్టపెట్టె మీద ఒక చిన్న పరీక్ష చేయాలి. బెత్తెడు టేపు అంటించి, గట్టిగా రుద్ది, కొద్దిసేపు ఆగి లాగాలి. టేపు వెనుక గోధుమ రంగు పీచు దట్టంగా వస్తే ఆ పెట్టెను నమ్మవచ్చు. టేపు శుభ్రంగా ఊడి వస్తే అట్ట మీద దుమ్మో మెరుపు పూతో ఉంది. అట్ట పైపొర మొత్తం తోలులా లేచి వచ్చి లోపలి ముడతలు బయటపడితే అట్టకు చెమ్మ పట్టింది, ఆ పెట్టెలో గుడ్డలు తప్ప మరేమీ పెట్టకూడదు. కిరాణా కొట్టు నుంచి తెచ్చిన పాత పెట్టెల్లో మాకు మూడో వంతు ఈ ఆఖరి జాతివే వచ్చాయి. వానాకాలం మరి.

మొదటి రెండు పెట్టెలను నేను తొందరలో మాస్కింగ్ టేపుతో మూశాను, రంగుల పని నుంచి మిగిలింది చేతిలోనే ఉంది కాబట్టి. గుమ్మం దాటకముందే ఒకదాని అడుగు విడిపోయి స్టీలు గిన్నెలు మెట్ల మీదుగా వీధిలోకి దొర్లాయి. మా అత్తగారు పైనుంచి చూసి, "ఏం అల్లుడుగారూ, బోణీ చేశారా?" అన్నారు. ముడతల కాగితానికి సాగే గుణం ఉందని పైన చెప్పాను కదా, బరువు కింద అది సాగుతూ సాగుతూ చిరుగుతుంది.

పెట్టెను మూసే పద్ధతి ఇది. పెట్టెను బోర్లించి, అడుగు రెక్కలను దగ్గరగా చేర్చి, మధ్య అతుకు మీద ఒక పట్టీ వేయాలి. ఆ పట్టీ పెట్టె పొడవు దగ్గరే ఆగకూడదు, రెండు పక్క గోడల మీదికీ నాలుగేసి వేళ్ళ మేర దిగాలి. అడుగు మీద పడే బరువును నిజంగా మోసేది ఆ దిగిన భాగమే. దాని మీదే రెండో పట్టీ వేయాలి. తరువాత అడుగుకూ పక్క గోడకూ కలిసే రెండు అంచుల మీద అడ్డంగా ఒక్కో పట్టీ వేస్తే, చూడటానికి ఆంగ్ల అక్షరం హెచ్ పడుకున్నట్టు ఉంటుంది. పైమూతకు మధ్య పట్టీ ఒకటి చాలు, అంచులకు మళ్ళీ ఒక్కొక్కటి. ప్రతి పట్టీని అరచేతితో ఒక చివర నుంచి మరో చివరకు గట్టిగా రుద్దాలి. ఈ టేపు జిగురు నొక్కితేనే పని చేసే రకం, పైన పరచి వదిలేస్తే గంటలో అంచులు లేస్తాయి.

ఎంత టేపు కావాలి? మేము ఎక్కువగా వాడిన పెట్టె 45 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు. మధ్య పట్టీ ఒకటికి దిగే భాగంతో కలిపి 57 సెంటీమీటర్లు, అంచు పట్టీ ఒకటికి 45. అడుగున రెండు మధ్య పట్టీలూ రెండు అంచు పట్టీలూ కలిపి 204, మూతకు 147. మొత్తం 351 సెంటీమీటర్లు, అంటే మూడున్నర మీటర్లు. 65 మీటర్ల చుట్టతో పద్దెనిమిది పెట్టెలు వస్తాయి. మాకు ముప్ఫై పెట్టెలు కాబట్టి రెండు చుట్టలు తెచ్చాం. చుట్ట కొనేటప్పుడు దాని లావును చూసి మోసపోవద్దు. లోపలి అట్టగొట్టం మందంగా ఉండి టేపు తక్కువగా చుట్టినవి ఉంటాయి. పైన అచ్చువేసిన మీటర్ల సంఖ్య చదవాలి, సంఖ్య లేని చుట్టను వదిలేయాలి. వెడల్పు 48 మిల్లీమీటర్లు ఉండాలి. పెట్టె బరువు పదిహేను కిలోలు దాటకుండా చూసుకుంటే ఈ మూతకు సమస్య రాదు. పుస్తకాల పెట్టెలు చిన్నవిగా ఉండటం అందుకే మంచిది.

పెట్టె మీద ఏముందో రాయడానికి మాత్రం మళ్ళీ మాస్కింగ్ టేపే కావాలి. ప్యాకింగ్ టేపు మీద మామూలు పెన్ను సిరా నిలవదు, కాగితపు టేపు మీద నిలుస్తుంది. మా లారీతో వచ్చిన కూలీలు ఒడియా చదువుతారు, రాయగడలో విప్పేది మా అమ్మగారు, ఆవిడ తెలుగు తప్ప చదవరు. కాబట్టి ప్రతి పెట్టెకూ ఒక పక్క ఒడియాలో గది పేరు, మరో పక్క తెలుగులో లోపలి సామాను రాసి మాస్కింగ్ టేపు ముక్కలు అంటించాం. వానకు ఆ రాత తడవకుండా పైన ఒక పారదర్శక ప్యాకింగ్ టేపు ముక్క వేశాం.

ఈ టేపు అసలు పోకూడని చోట్లూ చెప్పాలి. బీరువా తలుపులు, పాలిష్ పెట్టిన బల్ల సొరుగులు, ఫ్రిజ్ తలుపు దారిలో తెరుచుకోకుండా దీన్ని నేరుగా వాటికే అంటించడం అలవాటుగా చూస్తుంటాం. ఎండలో నాలుగు గంటలు లారీ మీద ప్రయాణించిన తరువాత పాలిష్ పొర లేస్తుంది, బీరువా మీద జిగురు చారలు మిగులుతాయి. పాత చీరను పట్టీలుగా చింపి బీరువా చుట్టూ కట్టి, ముడి జారకుండా ఆ గుడ్డ మీదనే టేపు చుడితే చాలు. అద్దం మీద మాస్కింగ్ టేపును అడ్డదిడ్డంగా అంటించడం మంచి అలవాటే. అది అద్దాన్ని పగలకుండా కాపాడదు, పగిలితే పెంకులు చెదరకుండా పట్టుకుంటుంది.

క్లాత్ టేపు: తీయని చోట

సర్దుడులో బయటపడిన వస్తువులకు దీని అవసరం వచ్చింది. పిల్లల పుస్తకాల వీపులు, అంచులు రేగిన ప్లాస్టిక్ చాప, పిడి చిరిగిన సంచి. ఇవన్నీ వంగే వస్తువులు. ప్యాకింగ్ టేపు వేస్తే మడత దగ్గర చీలుతుంది, మాస్కింగ్ టేపు వారానికి చిరుగుతుంది.

పుస్తకపు వీపుకు వేసేటప్పుడు 48 మిల్లీమీటర్ల టేపును పుస్తకం ఎత్తు కంటే రెండు వేళ్ళు ఎక్కువ పొడవున కోయాలి. పుస్తకాన్ని మూసి ఉంచి, టేపు మధ్య భాగాన్ని వీపుకు ముందు అంటించి, తరువాత రెండు పక్కలా అట్టల మీదికి రుద్దాలి. పుస్తకం తెరిచి ఉంచి అంటిస్తే తరువాత అది మూసుకోదు, మూసినా అట్ట బిగుతుకు చిరుగుతుంది. చాప అంచుకు టేపును పైకి సగం, కిందికి సగం వచ్చేలా మడిచి అంటించి, చివరి మూలలను కత్తెరతో గుండ్రంగా కత్తిరించాలి. చదరపు మూలే కాలికి తగిలి మొదట లేస్తుంది.

దీనికి నీళ్ళంటే పడదు. గుడ్డ నీటిని పీల్చుకుంటుంది, కాబట్టి పెరట్లో నీళ్ళ పైపు చిల్లుకు ఇది ఒక పూట కూడా నిలవదు. మరొకటి, ఏళ్ళు గడిచేకొద్దీ దీని జిగురు అంచుల నుంచి చెమర్చి పక్క కాగితానికి పాకుతుంది. బడి పుస్తకానికి అది పెద్ద మాట కాదు. భూమి పట్టాలు, పాత దస్తావేజులు, తాతల నాటి ఉత్తరాలు చిరిగితే మాత్రం వాటికి ఏ టేపూ వేయకూడదు. పారదర్శక టేపు కూడా కొన్నేళ్ళకు పసుపు రంగుకు తిరిగి అక్షరాలను మింగేస్తుంది. ప్లాస్టిక్ సంచిలో విడిగా పెట్టి దాచుకోవాలి. కరెంటు తీగకూ గ్యాసు గొట్టానికీ కూడా ఈ నాలుగు టేపుల్లో ఏదీ పనికిరాదు. తీగకు ఇన్సులేషన్ టేపు వేరే ఉంది, గ్యాసు గొట్టం పగిలితే మార్చడం తప్ప అతుకు లేదు.

ఆఖరి మెట్టు: కొత్త ఇంట్లో డబుల్ సైడ్ టేపు

రాయగడ ఇంట్లో వంటగది గోడకు సగం ఎత్తు వరకు టైల్స్ ఉన్నాయి, పైసగం డిస్టెంపర్. ముందు గదికి పుట్టీ పెట్టి ఎమల్షన్ వేశారు. మేకులు కొట్టవద్దని ఇంటివారి షరతు. డబుల్ సైడ్ ఫోమ్ టేపు ఇక్కడే అక్కరకు వస్తుంది, ఇక్కడే ఎక్కువ మందిని నిరాశపరుస్తుంది కూడా.

గట్టి అక్రిలిక్ ఫోమ్ టేపుకు, స్థిరంగా వేలాడే బరువు కిలోకు సుమారు 55 నుంచి 60 చదరపు సెంటీమీటర్ల టేపు ఉండాలన్నది తయారీదారులు చెప్పే మోటు లెక్క. కిలో బరువున్న పటానికి ఒక ఇంచి వెడల్పు టేపు తీసుకుంటే రమారమి 24 సెంటీమీటర్ల పొడవు, అంటే 12 సెంటీమీటర్ల ముక్కలు రెండు అవసరం. నాలుగు మూలల్లో నాలుగు చిన్న చుక్కలు అంటించి పటం పడిపోయిందని టేపును తిట్టేవారు ఈ లెక్క చూడరు. బజారులో చవకగా దొరికే తెల్లని మెత్తటి ఫోమ్ రకం ఇంతకంటే బలహీనం. దానికి ఇంతకు రెట్టింపు వేసినా బరువైన వాటికి నేను నమ్మను, ప్లాస్టిక్ సబ్బు పెట్టె వంటి తేలికవాటికే వాడతాను. ఇక ఈ లెక్క మొత్తం టేపుకు మాత్రమే వర్తిస్తుంది. టేపు పట్టుకున్నది డిస్టెంపర్‌నైతే, ఆ డిస్టెంపర్ గోడను ఎంత పట్టుకుంది అన్నదే అసలు లెక్క. వంటగది పైసగంలో నేను మసాలా డబ్బాల అరను అంటించి చూశాను. రెండో రాత్రి అది పడింది. టేపు అరకు అంటుకునే ఉంది, టేపు వెనుక అరచేతి వెడల్పున పచ్చని డిస్టెంపర్ పొర అంటి ఉంది. టేపు తప్పేమీ లేదు.

అదే అరను టైలు మీద పెట్టిన పద్ధతి ఇది. మొదట సబ్బు నీళ్ళతో నూనె జిడ్డు పోయేలా కడిగి, పూర్తిగా ఆరనిచ్చాను. తరువాత మందుల దుకాణంలో దొరికే స్పిరిట్‌ను దూదికి తడిపి తుడిచాను. వంటగది టైలు కంటికి మెరుస్తూనే ఉంటుంది కాని దాని మీద పోపు నూనె ఆవిరి పొర ఒకటి పేరుకుని ఉంటుంది. టేపును ముందు అరకు అంటించి, రెండో వైపు కాగితం తీసి, చోటు పెన్సిలుతో గుర్తు పెట్టుకుని ఒకేసారి టైలుకు ఆనించాలి. ఆనించాక జరపాలని చూస్తే పట్టు పోతుంది. అర నిమిషం పాటు బలంగా నొక్కి పట్టుకున్నాను. టేపును రెండు టైళ్ళ మధ్య గాడి మీద వేయకూడదు, అక్కడ కింద గాలి, తడి చేరతాయి. అన్నిటికంటే ముఖ్యం, వెంటనే బరువు పెట్టకూడదు. ఈ జిగురు పట్టు నిదానంగా పెరుగుతుంది, ఒక రోజుకు చాలా వరకు వస్తుంది, పూర్తి బలానికి మూడు రోజులు పడుతుంది. మా ఇంట్లో మూడు రోజులు ఖాళీ అర గోడ మీద వేలాడింది. చూసినవారంతా నవ్వారు. నాలుగో రోజున డబ్బాలు ఎక్కాయి.

ముందు గదిలో పటాల కోసం పైన చెప్పిన బెత్తెడు టేపు పరీక్షను మళ్ళీ చేశాను. ఎమల్షన్ గెలిచింది, అయినా అరకిలో దాటిన పటాలను అక్కడ అంటించలేదు, వాటిని అలమార మీద నిలబెట్టాం. పుట్టీ పైపొరే బరువు మోసే గోడ మీద అంతకంటే ధైర్యం చేయడం అనవసరం. పిల్లల పటాలు, కాగితపు చార్టులకు పలచని టిష్యూ రకం డబుల్ సైడ్ చాలు, అదీ నాలుగు మూలల్లో గోరంత ముక్కలు.

ఫోమ్ టేపును ఊడదీయవలసి వస్తే వస్తువును పట్టుకుని లాగకూడదు. గట్టి సన్నని నైలాన్ దారాన్ని వస్తువు వెనుకగా దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ ఆడిస్తే ఫోమ్ మధ్యకు తెగుతుంది. గోడకు మిగిలిన ఫోమ్‌ను వేలితో ఉండలుగా రుద్ది తీయాలి. టైలు, అద్దం, స్టీలు మీద మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాసి పావుగంట ఆగితే మెత్తబడుతుంది, ఆ తరువాత సబ్బు నీటితో కడగాలి. కిరసనాయిలుతో త్వరగా పోతుంది కాని పొయ్యి వెలుగుతున్న వంటగదిలో దాన్ని దగ్గరకు రానివ్వకూడదు. రంగు వేసిన గోడకు నూనె తగిలితే ఆ మరక పైన వేసే కొత్త రంగును కూడా చీల్చుకుని కనబడుతుంది కాబట్టి అక్కడ పిల్లల రబ్బరుతో రుద్దడమే సరి.

మిగిలిన చుట్టలను మూత ఉన్న బిస్కెట్ డబ్బాలో పెట్టి, మంచం కింద చల్లని చోట ఉంచాం. రేకుల కప్పు కింద అటక మీద ఉంచిన పాత చుట్టలు ఒక్క వేసవికే పక్కల నుంచి జిగురు కక్కి, దుమ్ము పట్టి, విప్పబోతే నిలువునా చీలిపోయాయి. వాటిలో మాస్కింగ్ టేపు ఒకటి ఇంకా ఉంది. గీతలకు పనికిరాదు, పప్పు డబ్బాల మీద పేర్లు రాయడానికి మా అమ్మగారు ముక్కలు ముక్కలుగా చింపి వాడుతున్నారు.